కొఠియా ఊళ్లు: ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనా?

విశాఖకు ఉత్తరాన, సాలూరు కొండల మీద కొఠియా గ్రామాలున్నాయి. మావంటే మావని ఆంధ్రప్రదేశ్, ఒడిశా వాదించుకుంటున్నాయి. 1968 నాటికే గొడవ సుప్రీంకోర్టుకెక్కింది.

2021 ఫిబ్రవరిలో అక్కడి మూడు ఊళ్లలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా వెంటనే కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఎందుకంత తొందర? ఎన్నిక జరపడమంటే పాలించడమే. ఆ రోజు ఊరుకుంటే, రేపు ‘అప్పుడెందుకు అడగలేదు?’ అంటారు.

దేశాల మధ్యా ఇదే లెక్క. ఫ్రెంచి అధికారులు గీసిన పటంలో ప్రేహ్ విహేర్ గుడి కంబోడియా వైపు పడింది. థాయ్‌లాండ్ దశాబ్దాలపాటు అభ్యంతరం చెప్పలేదు. 1930లో థాయ్ రాజకుమారుడొకరు గుడికి వస్తే, ఫ్రెంచి అధికారి తమ జెండా కింద స్వాగతం పలికాడు. అప్పుడూ మాట్లాడలేదు. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం గుడి కంబోడియాదేనంది.

అడగాల్సిన చోట అడగకపోతే, అది మౌనాంగీకారం. ఆ మౌనాన్ని నమ్మి అవతలివాళ్లు నడుచుకున్నాక మాట మార్చనివ్వకపోవడం ఎస్టాపెల్. రెండింటికీ అడ్డుకట్ట నిరసనే.

అయితే ప్రతి మౌనమూ అంగీకారం కాదు. విషయం తెలిసి ఉండాలి, బదులు చెప్పాల్సిన సందర్భమూ అయి ఉండాలి. కొఠియాకు అంతర్జాతీయ చట్టం నేరుగా వర్తించదు. అయినా అక్కడ ఏ కొత్త పని మొదలైనా, రెండో రాష్ట్రం రాతపూర్వకంగా, వెంటనే, మళ్లీ మళ్లీ అభ్యంతరం చెప్పాల్సిందే.