మష్వరా: ఎవరిని అడగాలి, ఎంతవరకు అడగాలి?

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! మన ఖబరస్తాన్ నిండిపోయింది. పాత సమాధుల వరుసను తిరిగి వాడుకోవాలా అన్న ప్రశ్న ఈ నెలంతా మన మధ్య నలుగుతోంది. కొందరు "మమ్మల్ని అడగలేదు" అన్నారు. మరికొందరు "అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఎప్పటికవుతుంది?" అన్నారు. ఈ రెండు మాటలే నేటి ప్రసంగానికి కారణం.

దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో, వ్యవహారాలలో సహచరులను సంప్రదించమని అల్లాహ్ తన ప్రవక్తను ఆదేశించాడు. అదే ఆయత్‌లో, ఒకసారి నిశ్చయించుకున్న తరువాత అల్లాహ్‌పై భారం వేసి ముందుకు సాగమన్నాడు. మనలో కొందరు మొదటి సగాన్ని మాత్రమే గుర్తుంచుకుంటారు, కొందరు రెండవ సగాన్ని మాత్రమే. ఉహద్ యుద్ధానంతర సందర్భంలో ఈ ఆదేశం వచ్చిందని మరువకండి. ఆ యుద్ధానికి మదీనా దాటి వెళ్ళాలన్నది సంప్రదింపులో పైచేయి అయిన అభిప్రాయమే. ఫలితం చేదుగా వచ్చినా సంప్రదింపు రద్దు కాలేదు.

అయితే ఎవరిని సంప్రదించాలి? దీనికి హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ప్రయాణమొకటి చక్కని సమాధానం. సహీహ్ బుఖారీలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనిని ఉల్లేఖించారు. ఖలీఫా షామ్ దేశానికి బయలుదేరి, సరిహద్దున ఉన్న సర్గ్ అనే చోటికి చేరారు. అక్కడ సేనాపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురువచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ముందుకు వెళ్ళాలా, వెనుదిరగాలా? ఆయన వెంట ఉన్నవారు ప్రవక్త సహచరులు. తప్పు నిర్ణయం జరిగితే పోయేది వారి ప్రాణాలు.

ఉమర్ (రజి) ముందుగా తొలి ముహాజిర్లను పిలిపించారు. ఒక పనికై బయలుదేరాక మరలిపోరాదని కొందరు, ఇంతమంది సహాబాలను వ్యాధిలోకి నెట్టరాదని కొందరు అన్నారు. ఆయన వారిని పంపివేసి అన్సార్లను పిలిచారు. వారిలోనూ అదే చీలిక. వారినీ పంపివేశారు. ఆ తరువాత, మక్కా విజయకాలంలో హిజ్రత్ చేసిన ఖురైష్ పెద్దలను పిలిపించారు. ఇస్లాంలో వారి స్థానం మొదటి ఇద్దరి కంటే వెనుక. కానీ వారిలో ఇద్దరు కూడా భిన్నంగా పలకలేదు, వెనుదిరగమనే అన్నారు. మరునాటి ఉదయమే తిరుగు ప్రయాణమని ఖలీఫా ప్రకటించారు.

ఆయన చేతులెత్తించి లెక్కపెట్టలేదు, సోదరులారా! మూడు బృందాలనూ ఒకచోట కూర్చోబెట్టి రాజీ కుదిరేవరకు వేచి ఉండనూ లేదు. ఒక్కొక్క బృందాన్ని విడివిడిగా విన్నారు. పెద్దవారి మాట వినగానే చిన్నవారి నోరు మూతపడటం మన సమావేశాలలో చూస్తూనే ఉంటాము. విడిగా విన్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు. చివరి నిర్ణయ భారం మాత్రం తన భుజాలపైనే ఉంచుకున్నారు.

అబూ ఉబైదా (రజి) అంతటివారు అభ్యంతరం చెప్పారు: ఇది అల్లాహ్ విధి నుండి పారిపోవడం కాదా అని. ఉమర్ (రజి) నొచ్చుకున్నారు గాని కోపగించలేదు. ఒక విధి నుండి అల్లాహ్‌దే అయిన మరో విధి వైపునకు పోతున్నామని చెప్పి, ఒంటెల కాపరి ఉదాహరణ ఇచ్చారు. లోయకు ఒక గట్టున పచ్చిక, మరొక గట్టున ఎండిన నేల ఉంటే, ఎటు మేపినా అల్లాహ్ విధి మేరకే కదా అని అడిగారు. అభ్యంతరానికి జవాబు లభించింది, నిర్ణయం మారలేదు.

ఇంతలో ఏదో పనిమీద వెళ్ళిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తిరిగివచ్చారు. ఈ విషయంలో తనవద్ద జ్ఞానం ఉందన్నారు. ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దని, అది మీరున్న చోటనే వస్తే పారిపోతూ అక్కడి నుండి బయటపడవద్దని దైవప్రవక్త (స) ఆదేశించగా తాను విన్నానన్నారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. చూడండి, మూడు సమావేశాలు జరిగినా అసలు విషయం తెలిసిన మనిషి ఆ మూడింటిలోనూ లేడు. సభ ఎంత నిండుగా ఉన్నా, తెలిసినవాడు బయట ఉండవచ్చు.

తెలిసినవాడు ఒక్కడే అయితే ఆ ఒక్కని మాట చాలు. బద్ర్‌లో హజ్రత్ హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) ముందుగా ఒక ప్రశ్న అడిగారని సీరత్ గ్రంథాలు చెబుతాయి: ఈ విడిది అల్లాహ్ ఆదేశమా, లేక యుద్ధ వ్యూహమా? వ్యూహమేనని తెలిసాక, శత్రువుకు దగ్గరగా ఉన్న బావి వద్ద విడిది చేసి మిగిలిన బావులను పూడ్చమన్నారు. ప్రవక్త (స) వెంటనే అంగీకరించారు. ఈ పాఠం మరచి మేము నష్టపోయాము. నేను పూర్వం పనిచేసిన ఒక మస్జిద్‌లో కప్పు పగుళ్ళిచ్చినప్పుడు, పైన సిమెంటు పూత చాలునా అని జుమా తరువాత చేతులెత్తించాము. ఎక్కువమంది చాలునన్నారు. నేనూ చేయెత్తాను. లోపలి ఇనుము తుప్పు పట్టిందని మరుసటి వర్షాకాలంలో ఇంజనీరు వచ్చి చూశాకే తెలిసింది. అడగవలసినవాడు ఒక్కడు, మేము అడిగింది వందమందిని. ఇక వుజూ నీటి మోటారు కాలిపోతే ముతవల్లీ ఎవరినీ అడగనవసరం లేదు. బాగుచేయించి లెక్క చూపిస్తే చాలు.

కానీ అందరి సమ్మతి లేకుండా ముందుకు సాగకూడని విషయాలూ ఉన్నాయి. ఖందక్ యుద్ధంలో ముట్టడి బిగిసినప్పుడు, మదీనా ఖర్జూర పంటలో మూడవ వంతు ఇచ్చి గత్ఫాన్ తెగను వెనుకకు పంపాలని దైవప్రవక్త (స) ఆలోచించారు. ఒప్పందం ఖరారు చేసేముందు, ఔస్, ఖజ్రజ్ నాయకులైన సఅద్ బిన్ ముఆజ్, సఅద్ బిన్ ఉబాదా (రజి అన్హుమా)లను అడిగారు. ఎందుకంటే ఆ తోటలు వారి ప్రజలవి. ఇది అల్లాహ్ ఆజ్ఞ అయితే శిరసావహిస్తామని, తమ మేలు కోసమే అయితే ఒప్పుకోమని వారన్నారు. ప్రవక్త (స) ఆ ఆలోచన విరమించారు. సైన్యాధిపతి ఆయనే, యుద్ధ పరిస్థితి తెలిసినవారూ ఆయనే. అయినా నష్టం భరించేవారు కాదంటే ఆగిపోయారు.

ఇప్పుడు మన ఖబరస్తాన్ సంగతి. దేహం పూర్తిగా మట్టిలో కలిసిపోయిన చోట మరొకరిని ఖననం చేయవచ్చా అన్నది షరీఅత్ ప్రశ్న. దీనికి ఓట్లు అక్కరలేదు; ముఫ్తీ సాహెబ్‌ను అడిగాము, కలిసిపోయి ఉంటే అనుమతి ఉందన్నారు. ఏ వరుస ఎంత పాతది, ఈ నేలలో ఎన్నేళ్ళు పడుతుంది అన్నది ఏళ్ళ తరబడి అక్కడ తవ్వుతున్న మన గోర్కన్‌కు తెలుసు. కమిటీలో కూర్చున్న మాకెవ్వరికీ తెలియదు. ఇంతవరకు ఆయనను ఎవరూ సమావేశానికి పిలవలేదు, అది మా పొరపాటు. ఇక మూడవది, ఆ వరుసలో తల్లిదండ్రులు పడుకున్న కుటుంబాల సమ్మతి. ఫత్వా ఉంది కదా అని, అధిక సంఖ్య ఉంది కదా అని దీనిని దాటలేము. ఒక్క కుటుంబం కాదన్నా వారి సమాధిని వదిలి పక్కనుండి మొదలుపెట్టాలని కమిటీ ఒప్పుకుంది.

వచ్చే జుమా నమాజు తరువాత ఆ వరుసలోని పేర్లు చదువుతాము. ఆ కుటుంబాలవారు మాత్రమే ఆగండి. వయసు మీరి రాలేని తల్లులుంటే చెప్పండి, వారి ఇంటికి మేమే వస్తాము.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్ఫిరుల్లాహ లీ వ లకుమ్.