ఒకే బిల్లు, రెండు పేమెంట్లు

ఈ రోజు నా మొదటి ఉద్యోగంలో జరిగిన కథ చెప్తాను. నేను బి.కామ్ అయిపోయి బాలానగర్‌లో ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో జూనియర్ అకౌంటెంట్‌గా చేరాను. అప్పటికి నాలుగో నెల, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను.

జూలై 31, సాయంత్రం. మంత్ ఎండ్ అంటే మా ఆఫీసులో ఎవరూ ఏడింటికి ఇంటికి వెళ్లరు. నా పని, ఈ నెల ఖర్చుల్ని పోయిన నెల ఖర్చుల పక్కన పెట్టి చూడటం. కంప్రెసర్ మెయింటెనెన్స్ ప్రతి నెలా 80,000. జూలైలో మాత్రం 1,60,000 ఉంది.

ముందు వెండర్ లెడ్జర్ తెరిచాను. బ్యాలెన్స్ సున్నా. బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో టిక్ చేశాను, అదీ పైసాతో సహా కలిసింది. సరే, ఏదో పెద్ద రిపేర్ వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. కానీ ప్లాంట్ నుంచి వచ్చిన సర్వీస్ రిపోర్ట్ ఒక్కటే ఉంది. పని ఒకసారి జరిగితే బిల్లులు రెండు ఎందుకున్నాయి?

రెండు ఓచర్లూ పక్కపక్కన పెట్టాను. ఒకదాని బిల్ నంబర్ `HM/0217`, ఇంకోదానిది `217`. తేదీ ఒకటే, మొత్తం ఒకటే. మొదటిది మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్, మా సీనియర్ ఎంటర్ చేశారు. రెండోది కొరియర్‌లో వచ్చిన కాగితం బిల్లు. దాన్ని ఎంటర్ చేసింది ఎవరో తెలుసా? నేనే. నంబర్లు వేరుగా టైప్ అయ్యాయి కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. 12న ఒక పేమెంట్, 26న ఇంకో పేమెంట్ వెళ్లిపోయాయి.

లెడ్జర్ ఎందుకు పట్టించలేదో అప్పుడు అర్థమైంది. బిల్లూ రెండుసార్లు ఎక్కింది, డబ్బూ రెండుసార్లు వెళ్లింది. రెండూ కొట్టేసుకుని సున్నా అయ్యాయి. డబ్బు నిజంగానే వెళ్లింది కాబట్టి బ్యాంకూ కలిసింది.

నిజం చెప్పాలంటే, ఆ రెండో ఎంట్రీ డిలీట్ చేసేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది. కానీ చేస్తే ఏమవుతుంది? కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో ఉండిపోతుంది. పైగా పేమెంట్ కూడా తీసేస్తే బ్యాంక్ కలవదు.

చేతులు వణుకుతుంటే వెళ్లి, "సార్, నేను ఒక బిల్లు డబుల్ ఎక్కించాను" అన్నాను. ఆయన తిడతారనుకున్నా. "టీడీఎస్ కట్టేశామా?" అని మాత్రం అడిగారు. జూలైలో పట్టుకున్న టీడీఎస్ ఆగస్టు 7 లోపు కట్టాలి. ఇంకా కట్టలేదు. జీఎస్‌టీ రిటర్న్ కూడా ఇంకా వేయలేదు. "అయితే బతికాం, రివర్స్ చెయ్" అన్నారు.

బిల్లు 80,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 14,400. బేస్ మీద 2 శాతం టీడీఎస్ 1,600 పట్టుకుని వెండర్‌కి 92,800 పంపాం. అందుకే రివర్స్ జర్నల్‌లో వెండర్‌కి 92,800, టీడీఎస్‌కి 1,600 డెబిట్ చేశాను. మెయింటెనెన్స్‌కి 80,000, ఇన్‌పుట్ జీఎస్‌టీకి 14,400 క్రెడిట్ చేశాను. నేరేషన్‌లో రెండు బిల్ నంబర్లూ రాశాను. 26 నాటి పేమెంట్‌ని ముట్టుకోలేదు. ఇప్పుడు వెండర్ లెడ్జర్‌లో 92,800 డెబిట్ బ్యాలెన్స్ నిలబడింది, అంటే వాళ్ల దగ్గర్నుంచి మనకి రావాల్సిన డబ్బు. ఆ జీఎస్‌టీ అలాగే వదిలేసి ఉంటే, లేని బిల్లు మీద క్రెడిట్ తీసుకున్నవాళ్లమయ్యేవాళ్లం.

మర్నాడు పొద్దున్నే రెండు యూటీఆర్ నంబర్లూ పట్టుకుని వెండర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ ఒక పెద్దాయన ఎత్తారు. "అవును తమ్ముడూ, మీ పేరు మీద ఎక్కువ పడి ఉంది. అడ్వాన్సేమో అనుకున్నా" అన్నారు. వచ్చే బిల్లులో సర్దుకుందామన్నారు. మా సార్ ఒప్పుకోలేదు, సర్దుబాటు చేస్తే దాన్ని అడ్వాన్స్‌గా చూసి మళ్లీ టీడీఎస్ లెక్క తేలాల్సి వస్తుంది, డబ్బే వెనక్కి వేయమనండి అన్నారు. ఆగస్టు 3న వచ్చింది. జూలై పుస్తకాల్లో మాత్రం అది రావాల్సిన డబ్బుగానే ఉంది, ఎందుకంటే 31 నాటికి నిజం అదే.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో కొరియర్ బిల్లు రాగానే ముందు మెయిల్‌లో వెతుకుతాం. బిల్ నంబర్ కాగితం మీద ఎలా ఉంటే అలాగే, గీతలూ సున్నాలతో సహా టైప్ చేస్తాం. అది కాక, ఒకే వెండర్‌కి ఒకే మొత్తం నెలలో రెండుసార్లు వెళ్తుంటే పేమెంట్ ముందే ఆపి సర్వీస్ రిపోర్ట్ అడుగుతాం. ప్రొబేషన్ సంగతి అడుగుతారు కదా, సెప్టెంబర్‌లో కన్ఫర్మ్ అయింది. ఉంటాను మరి.