పిల్లల పరిహారానికి కోర్టు సంతకం

తిరుచానూరులో ఎనిమిదేళ్ల పాపను ఆటో గుద్ది, కాలు విరిగిందనుకుందాం. కేసు నడుస్తుండగా బీమా కంపెనీ రెండు లక్షలిస్తాం, రాజీకి రమ్మంటుంది. ఆసుపత్రి అప్పులున్న తండ్రికి ఒప్పుకోవాలనే ఉంటుంది. అయితే ఆ డబ్బు పాపది. పెరిగే వయసులో ఆ కాలు పొట్టిదవుతుందో లేదో ఏళ్లకుగానీ తేలదు. అందుకే సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు, 7వ రూలు కోర్టు అనుమతి తప్పదంటుంది. తండ్రి అఫిడవిట్‌తోపాటు, ఈ రాజీ పాపకు మేలేనని లాయరు సర్టిఫికెట్ కూడా పెట్టాలి. పిల్లల వైకల్యం 10 శాతం దాటి 30 లోపుంటే సాధారణంగా 3 లక్షలివ్వాలని 2013లో మల్లికార్జున్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాప వైకల్యం ఆ మధ్యలో ఉంటే, రెండు లక్షలు తక్కువని జడ్జికి అక్కడే తెలిసిపోతుంది. అనుమతి లేని రాజీని పాప తరఫున కొట్టేయించవచ్చు. సంతకానికి ముందు వైకల్య ధ్రువపత్రం తీసుకోండి.