"నేను బాగా చేస్తున్నానా సార్?" అని అడగొద్దు

ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి సైటుకొచ్చిన పిల్లలు మూడో నెలలో నా దగ్గరికొచ్చి "సార్, నేను బాగానే చేస్తున్నానా?" అంటారు. "బాగానే ఉంది, కానియ్" అంటాను. ఆ ప్రశ్నకి అంతకన్నా జవాబు రాదు.

ఒకబ్బాయి వేరేగా అడిగాడు. కాంక్రీట్ పోసేటప్పుడు కాదు, సాయంత్రం పని అయ్యాక డైరీ పట్టుకుని వచ్చాడు. "సార్, ఈ వారం కాలమ్ రింగులు నేను చెక్ చేశాను. నా తర్వాత మీరు మళ్లీ ఏవి చూడాల్సి వచ్చింది?" అన్నాడు.

నాకు చెప్పడానికి వెంటనే దొరికింది. "కాలమ్ మధ్యలో టేపు పెట్టి కొలుస్తున్నావు, సరే. బీము కలిసే చోట డ్రాయింగులో రింగులు ఇంకా దగ్గరగా ఉన్నాయి, అక్కడ కొలవట్లేదు. కవర్ బ్లాకులు కూడా ఒక వైపే చూస్తున్నావు" అన్నాను. రాసుకున్నాడు. "వచ్చే వారం ఇదే మళ్లీ చూపిస్తా సార్" అని వెళ్లాడు. రెండు నిమిషాలు పట్టింది.

అతను తన గురించి అడగలేదు, పని గురించి అడిగాడు. అందుకే భయపడుతున్నట్టు అనిపించలేదు.

మీ సార్ "అంతా బాగుంది" అని తేల్చేస్తే, "అయితే వచ్చే వారం నుంచి ఏ చెకింగ్ నా ఒక్కడికే వదిలేస్తారు?" అనండి. కొన్నిటికి రూలు ప్రకారం ఆయనే సంతకం పెట్టాలి, అవి పోనీండి. మిగతావి కూడా ఇవ్వకపోతే, ఏది చూశాక ఇస్తారో అడగండి. అసలు మాట అప్పుడు బయటికొస్తుంది.