గెయిన్ ఎంత పెట్టాలి? హలోతో కాదు, అరుపుతో చూడండి

కమలాపురం నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, నా మాట చిన్నగా వినపడతాంది, గెయిన్ పెంచితే బరబరమంటాంది" అనేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్.

గెయిన్ అంటే, మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని రికార్డ్ కాకముందే ఎంత పెంచాలో చెప్పేది. రికార్డింగ్ యాప్ మీటర్‌లో పై అంచు 0 dB. దాన్ని దాటిన శబ్దానికి చోటు లేదు, తల తెగిపోతుంది. అదే క్లిప్పింగ్. తర్వాత వాల్యూమ్ తగ్గించినా తెగిన తల తిరిగి రాదు.

ఇప్పుడు చేసి చూపిస్తా. గండికోట మీద వీడియోకి మాట రికార్డ్ చేస్తున్నాం అనుకోండి. అంతా మామూలుగా చెప్తాం, ఒక్కచోట మాత్రం "అదిగో, కింద పెన్నా!" అని అరుస్తాం. మనం టెస్ట్ చేసేదేమో "హలో, వన్ టూ త్రీ" అని మెల్లగా. అరుపు దానికంటే చాలా పైకి పోతుంది. అందుకే ఇరవై సెకన్ల టెస్ట్ ఇట్ల చేయండి: మైక్‌కి జానెడు దూరంలో కూర్చొని కాసేపు మామూలుగా మాట్లాడండి, ఆ అరుపు మూడుసార్లు అరవండి, చివర ఐదు సెకన్లు గమ్మునుండండి.

కావాలనే గెయిన్ ఎక్కువ పెట్టినా. చూడండి, మామూలు మాట -10 dB దగ్గర ఉంది, అరుపు 0కి తగిలింది. అలల్ని జూమ్ చేస్తే పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. 0 తగిలినాక ఎంత మించిందో మీటర్ చెప్పలేదు. కాబట్టి కొంచెం తగ్గించి మళ్ళీ టెస్ట్ చేయాల్సిందే. తగ్గించినా. ఇప్పుడు అరుపు -8, మాట -20. ఇది చాలు. ఎడిటింగ్‌లో మొత్తం 5 dB పెంచితే అరుపు -3కి వస్తుంది, క్లిప్ కాదు.

కానీ పెంచినప్పుడు ఫ్యాన్ శబ్దం కూడా అంతే పెరుగుతుంది. ఆ చివరి ఐదు సెకన్లు ఇయర్‌ఫోన్స్‌లో వినండి. గాలి హోరు వినపడితే గెయిన్ ముట్టుకోకండి, మైక్‌కి దగ్గరగా జరగండి. దూరం సగమైతే మాట సుమారు 6 dB పెరుగుతుంది, ఫ్యాన్ అంతే ఉంటుంది. అప్పుడు గెయిన్ 6 తగ్గించి మళ్ళీ టెస్ట్ చేయండి. నోటికి నేరుగా కాకుండా మైక్‌ని కొంచెం పక్కకి పెడితే ఊపిరి తగలదు.

ఇంకొకటి. ఒక్కోసారి మీటర్ -6 దాటదు, అయినా అలల తలలు చదునుగా ఉంటాయి. అంటే యాప్‌కి చేరకముందే, మైక్‌లోనే తెగింది. యాప్‌లో స్లైడర్ తగ్గిస్తే లాభం లేదు. మైక్ మీదున్న నాబ్ తగ్గించండి, నాబ్ లేకపోతే కొంచెం వెనక్కి జరగండి.

మనిషి మారినా, కూర్చునే చోటు మారినా ఈ ఇరవై సెకన్లు మళ్ళీ చేయండి. ఉంటా మరి.