ఈడుతో మారే మాట, కాలంతో మారే భాష

ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో, ఇరవై ఏళ్లవారినీ డెబ్బై ఏళ్లవారినీ మాట్లాడించి, వారి ఉచ్చారణలోని తేడాను యాభై ఏళ్ల భాషాచరిత్రగా చదవడమే ఆభాసకాల పద్ధతి. యౌవనంలో కుదురుకున్న పలుకుబడి ఆపైన పెద్దగా మారదన్న ఊహ దీనికి ఆధారం. ఆ ఊహ నిజమైతే డెబ్బై ఏళ్ల మనిషి నోట అర్ధశతాబ్దం నాటి భాష వినిపిస్తుంది. నిజం కాకపోతే వినిపించేది వయసు మాత్రమే. 1960లలో అమెరికాలోని మార్తాస్ వినియర్డ్ దీవిలో ఈ పద్ధతిని వాడిన విలియం లబోవ్ వయోభేదాలతోనే తృప్తిపడలేదు. అక్కడే 1930లలో సేకరించిన ఉచ్చారణ నమోదులను పక్కన పెట్టి పోల్చాడు.

ఆ జాగ్రత్త ఎందుకో కెనడాలోని టొరంటో చూపిస్తుంది. ఇంగ్లీషు చివరి అక్షరాన్ని అక్కడి పెద్దలు, తెలుగువారికి అలవాటైనట్టే, ‘జెడ్’ అంటారు. అమెరికా పలుకు ‘జీ’. జె.కె. ఛేంబర్స్ చెప్పిన లెక్క ప్రకారం 1979లో పన్నెండేళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతులమంది ‘జీ’ అన్నారు. పెద్దల్లో అలా అన్నవారు 8 శాతమే. ఇంత తేడా చూసినవారెవరైనా జెడ్ పని అయిపోయిందనుకుంటారు. 1991 నాటికి ఆ పిల్లలు ఇరవైల్లోకి వచ్చారు. అప్పుడు 20–25 ఏళ్లవారిలో ‘జీ’ అన్నవారు 39 శాతానికి దిగారు. కారణం దాపరికం లేనిది. అక్షరమాల పాటలో ‘వీ’తో ప్రాస కుదిరేది ‘జీ’కే, అమెరికా టీవీ కార్యక్రమాలు నేర్పేదీ అదే. పెద్దయ్యేకొద్దీ అది పరాయి పలుకన్న స్పృహ కలిగి జెడ్ వైపు మళ్లుతారు. తరవాతి పిల్లలు మళ్లీ ‘జీ’తోనే మొదలుపెడతారు. ప్రతి తరమూ మారుతుంది, ఊరి భాష మాత్రం నిలిచే ఉంటుంది.

ఒక్క సర్వేలో ఇలాంటి వయోభేదమూ, నిజమైన భాషామార్పూ ఒకే రూపంలో కనిపిస్తాయి. జనం పైకి చెప్పుకునే, పిల్లల మాటగా గుర్తించే రూపమైతే వయోభేదమేమోనని అనుమానించాలి. అది సూచన మాత్రమే, రుజువు కాదు. కొన్నేళ్ల తరవాత తిరిగి వెళ్లి రెండు ప్రశ్నలు వేయాలి: నాటి యువకులు ఇప్పుడెలా పలుకుతున్నారు? నేటి యువకులు నాటి యువకుల్లాగే పలుకుతున్నారా? మొదటిదానికి మారారనీ, రెండోదానికి అవుననీ జవాబొస్తే అది వయోభేదం. పెద్దవారు తమ పలుకును నిలుపుకొని, కొత్త యువకులు ఇంకా ముందుకు పోతే అది నిజమైన మార్పు.

స్విట్జర్లండ్‌లోని షార్మే గ్రామంలో ఈ రెండూ కలిసే దొరికాయి. లూయీ గోషా అక్కడ మూడు తరాల ఉచ్చారణ భేదాలను 1905లో ప్రచురించాడు. 1929లో హెర్మన్ అదే ఊరికి తిరిగి వెళ్లాడు. గోషా మార్పులుగా గుర్తించినవాటిలో చాలావరకు నిజంగానే ముందుకు సాగాయి. దంతాల నడుమ పలికే ఊష్మం ‘హ’గా మారడం మాత్రం పావు శతాబ్దం నాటి ఊగిసలాటలోనే ఉంది.