లీటరుకు పది రూపాయలు జూన్ నెలకు

(మాచవరంలో మహిళా పాల ఉత్పత్తిదారుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



భర్త లేని ఇల్లాలు పాల డబ్బుతో ఇద్దరు పిల్లలను చదివించుకుంటూ నెల గడుపుకోవడం ఎట్లాగన్నది ఈనాటి విషయం. అటువంటి సభ్యురాళ్లు మన సంఘాలన్నిటిలోనూ ఉన్నారు. ఎవరి పేరూ చెప్పను. లెక్క కోసం ఒక సభ్యురాలిని అనుకుందాం. ఆమెకు సొంత ఇల్లు ఉన్నది, రెండు గేదెలు ఉన్నాయి, పొలం లేదు. కూతురు జిల్లా పరిషత్ హైస్కూలులో తొమ్మిదో తరగతి, కొడుకు ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. ఒక గేదె కొన్నప్పుడు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు ఇంకా నడుస్తున్నది.

ముందుగా ఒక మాట. పాల బిల్లు జీతం వంటిది కాదు. జీతం పన్నెండు నెలలూ ఒకే తీరుగా వస్తుంది. మన గేదెలు ఎక్కువగా శ్రావణం మొదలు మార్గశిరం దాకా ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి. ఎండలు ముదిరేసరికి తగ్గుతాయి, ఆపైన వట్టిపోతాయి. బడులు తెరిచేది జూన్ 12న. అంటే ఫీజు, పుస్తకాలు, బట్టలు అన్నీ ఒక్కసారి మీదపడే నెలలోనే పాలడబ్బా ఖాళీగా ఉంటుంది. నెలసరి లెక్క సరిగానే వేసుకున్న ఇల్లు కూడా జూన్‌లో అప్పుకు పోవడానికి కారణం ఇదే. అందువల్ల మనం వేయవలసినది ఏడాది లెక్క. దానిని లీటరు మీదికి దించుకోవాలి.

ఆమె గేదెల్లో ఒకటి ఆగస్టులోనూ, మరొకటి అక్టోబరులోనూ ఈనుతుందనుకుందాం. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలలు రెండూ పాలిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు, మే నెలల్లో ఒక్కటే ఇస్తుంది. జూన్, జూలైలలో రెండూ వట్టివే. ఒక్కొక్కటి సగటున రోజుకు 6 లీటర్లు ఇస్తే, ఇంటికి అర లీటరు ఉంచుకొని, ఏడాదికి సుమారు 2,900 లీటర్లు కేంద్రంలో పోస్తుంది. వెన్న శాతాన్ని బట్టి లీటరుకు 56 రూపాయలు పడిందనుకుందాం. మీకు పడే రేటు వేరుగా ఉంటే అదే వేసుకోండి, పద్ధతి మారదు.

ఈ 56 రూపాయలు ఆమెవి కావు. దాణా, వరిగడ్డి, సూదిమందులు, ఖనిజ లవణాలు, వట్టి నెలల్లో పెట్టే మేతతో సహా, ఏడాదికి గేదెలకయ్యేది సుమారు 93,000 రూపాయలు. లీటరుకు పంచితే 32 రూపాయలు. అంటే లీటరు పాలలో 32 రూపాయలు గేదెల వాటా, 24 రూపాయలు ఇంటి వాటా. గేదె వాటాలో చేయిపెడితే ముందు దాణా తగ్గుతుంది, పక్షం తిరిగేలోగా పాలు తగ్గుతాయి. మరొకటి గుర్తుంచుకోవాలి. పాలు బాగా ఉన్న రోజుల్లో ఈ 32 పూర్తిగా ఖర్చు కాదు, లీటరుకు ఆరేడు రూపాయలు మిగిలినట్లు కనిపిస్తాయి. అది మిగులు కాదు. జూన్, జూలైలలో ఒక్క చుక్క పాలు ఇవ్వకుండా తినే చూడి గేదెల మేత అది.

ఇక ఇంటి ఖర్చు చూద్దాం. రేషను కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున బియ్యం ఉచితంగా వస్తాయి. ఆ 15 కిలోలు ముగ్గురికి చాలవు కనుక పైన కొనే బియ్యానికి 600 రూపాయలు. పప్పు, నూనె, చింతపండు వగైరా సరుకులకు 2,000. కూరగాయలకు, గుడ్లకు 1,200. కరెంటుకు, ఫోనుకు కలిపి 600. సబ్బులకు 400, మందులకు 500. గేదె అప్పు వాయిదా 2,500. పండుగలకు, బట్టలకు, బంధువుల పెళ్లిళ్లకు ఏడాదికి 6,000 అనుకొని నెలకు 500 తీసిపెట్టాలి. మొత్తం 8,300 రూపాయలు. కొడుకు బడి ఆటోకు నెలకు 500 కలిపితే 8,800. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు 2024 నవంబరు నుంచి ఇస్తున్నారు. మిగతా వంట కట్టెల మీద అనుకొని గ్యాసును లెక్కలో వేయలేదు. కాని ఆ పథకం మొదలైనప్పటి పద్ధతిలో డబ్బు ముందు మనమే కట్టి తరువాత తిరిగి పొందాలి. ఆ కాస్త సొమ్ము చేతిలో ఉండాలి.

ఈ 8,800కు ఆధారం ఏమిటి? వితంతు పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 అయింది. అది పోగా ఇంకా 4,800 కావాలి. రెండు గేదెలూ పాలిచ్చే నెలలో ఆమె 345 లీటర్లు పోస్తుంది. లీటరుకు 14 రూపాయల చొప్పున ఇంటికి తీసుకుంటే 4,830 వస్తుంది. ఇల్లు గడిచిపోతుంది. ఇంటి వాటా 24లో ఇక మిగిలినవి 10 రూపాయలు. ఈ పది రూపాయలే ఈనాటి నా ప్రసంగమంతా.

పక్షం బిల్లు మీద చూడండి. 172 లీటర్లకు సుమారు 9,650 రూపాయలు వస్తుంది. అందులో 5,500 గేదెలకు, 2,400 ఇంటికి, 1,725 జూన్ నెలకు. ఏడు నెలల్లో, అంటే పద్నాలుగు బిల్లుల్లో, ఈ మూడో వాటా 24,150 అవుతుంది.

జూన్‌లో కొడుకు మొదటి విడత ఫీజు 8,000, అతని పుస్తకాలు, బట్టలు 5,000. కూతురికి ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు, యూనిఫారం గుడ్డ, సంచి, బూట్లు ఇస్తారు. అయినా కుట్టుకూలికీ, అదనపు నోటుపుస్తకాలకూ, తక్కిన వాటికీ 2,000 అవుతుంది. మొత్తం 15,000. జూన్, జూలై రెండు నెలల్లో పాలు లేవు కనుక పింఛను పోను ఇంటికి నెలకు 4,800 చొప్పున 9,600 తగ్గుతుంది. మే నెలలో ఒక్క గేదె పాలు కనుక ఇంటి వాటా 24 మొత్తం ఇంటికే పోతుంది, అయినా కొద్దిగా తక్కువ పడుతుంది. అన్నీ కూడితే 25,000కు ఒకటి రెండు వందలు తక్కువ. తీసిపెట్టినది 24,150. దాదాపుగా గట్టెక్కుతుంది, ఇంకా ఆరేడు వందలు మాత్రం తగ్గుతుంది.

తల్లికి వందనం మాటేమిటని మీరడగవచ్చు. 2025 జూన్‌లో బిడ్డకు 15,000 ప్రకటించి, బడి నిర్వహణకు 2,000 మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఇద్దరు బిడ్డలకు 26,000. ఇది పెద్ద సొమ్ము. కాని ఖాతాలో పడ్డ రోజునే దీనిని లెక్కలోకి తీసుకోవాలి. బిడ్డ హాజరు తగ్గినా, ఖాతాకు ఆధార్ జతకాకపోయినా ఆగిపోవచ్చు. బడివారు ఫీజుకు ఆగకపోవచ్చు. పడిన తరువాత దానిని విడిగా ఉంచితే అక్టోబరు, జనవరి విడతల ఫీజు 16,000, ఆగస్టు, సెప్టెంబరుల లోటు, కూతురి చిల్లర ఖర్చులు అందులోనే సరిపోతాయి. చివరకు 7,000 పైచిలుకు మిగులుతుంది. ఏడాది మొత్తానికి ఆ ఇంటికి ఉన్న అండ అదే, నెలకు 600. ఆ సొమ్ము రాని ఏడు దాదాపు 19,000 లోటు. కొడుకు ప్రైవేటు చదువుకు ఏడాదికి 34,000 అవుతున్నదని ఆమె తెలుసుకొని ఉండాలి. ఏ బడిలో ఉంచాలో తల్లి నిర్ణయిస్తుంది. కాని ఆ నిర్ణయం ఏప్రిల్‌లో పాసుపుస్తకం చూసి తీసుకోవాలి. జూన్‌లో బడి గుమ్మంలో నిలబడి తీసుకోరాదు.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది? నాకు తెలిసినంతలో రెండు చోట్ల.

మొదటిది, గేదె సకాలంలో చూడి కట్టకపోవడం. ఒక నెల ఆలస్యమైతే ఒక నెల పాలు పోతాయి. ఆ నెల మేత తేడా తీసివేసినా నష్టం 8,000 దాటుతుంది. అంటే ఏడాది మిగులంతా ఒక్క నెలలో హరించుకుపోతుంది. ఈనిన రెండు నెలల నుంచి తెల్లవారుజామునా, రాత్రిపూటా ఎద లక్షణాలు కనిపెట్టండి. గేదె ఆవులాగా పెద్దగా అరవకపోవచ్చు. తీగలు వేయడం, మాటిమాటికి మూత్రం పోయడం, పాలు తగ్గడం చూడాలి. సూది వేయించిన తేదీ పాలపుస్తకం వెనుక రాసుకోండి. ఇరవై ఒక్క రోజులకు మళ్లీ చూడండి. ఎదకు రాకపోయినంత మాత్రాన చూడి అని నమ్మవద్దు. మూడో నెలలో పశువైద్యునిచేత పరీక్ష చేయించండి.

రెండోది, జూన్‌లో డబ్బు చాలక వట్టి గేదెను అమ్మడం. చూడి గేదె ఆనాడు తింటున్నదే తప్ప ఇవ్వడం లేదు కనుక బరువుగా తోస్తుంది. కాని రెండు మూడు నెలల్లో ఈని, ఆ ఏడంతా ఇంటిని నడపవలసినది అదే. దానిని అమ్మి ఫీజు కడితే వచ్చే జూన్‌కు తీసిపెట్టడానికి పాలు ఉండవు. అంతకన్నా ఫీజును రెండు భాగాలు చేయమని మే నెలలోనే బడివారిని అడగడం మేలు.

చివరగా ఈ పది రూపాయలు ఎక్కడ దాచాలి? ఇంట్లో పెట్టెలో ఉంటే నిలవవు. సంఘం పొదుపు ఖాతా నడుపుతూ ఉంటే, లీటరుకు 10 రూపాయలు మినహాయించమని కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రతి బిల్లుకూ మినహాయింపు పాసుపుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకోండి. దాణా బస్తాల బాకీ కింద పొదుపును జమకట్టుకోకూడదని ఆ కాగితంలోనే రాయించండి. సంఘంలో ఆ ఏర్పాటు లేకపోతే, బిల్లు పడ్డ రోజునే పోస్టాఫీసులో వేరే ఖాతాలో వేసుకోండి. కార్యదర్శులకు కూడా నా విన్నపం ఒకటి. ఆ సొమ్మును సంఘం నగదులో కలిపి వాడవద్దు. మే నెలలో ఆమె అడిగిన రోజున అది ఆమె చేతిలో పడాలి.

అక్టోబరులో మొదటి పెద్ద బిల్లు వచ్చిన రోజునే మొదలుపెట్టండి. సంక్రాంతి తరువాత మొదలుపెడితే సగం నెలలు అప్పటికే గడిచిపోయి ఉంటాయి. అప్పుడు అంతే మొత్తానికి లీటరుకు 20 రూపాయలు తీయవలసి వస్తుంది. అది ఏ ఇంటికీ సాధ్యం కాదు.